పాత ప్రాజెక్టుల నుంచి ఎడిటింగ్ షోరీల్ ఎలా కట్టాలి? (భాస్కర్ సర్‌కి)

లావణ్య_గాజువాక · ఆదివారం రాత్రి 9:40

భాస్కర్ సర్, నమస్తే. సిరిపురంలో ప్రకటనలు, డాక్యుమెంటరీలు చేసే ఒక ఆఫీసులో అసిస్టెంట్ ఎడిటర్ పనికి అప్లై చేస్తున్నాను. షోరీల్ లింకు అడిగారు. వచ్చే సోమవారంలోపు పంపాలి. కొత్తగా ఏదీ షూట్ చేసే వీలు లేదు, ఉన్నవాటితోనే కట్టాలి.

నా దగ్గర నాలుగున్నాయి. భీమిలిలో తీసిన 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్, సెకనుకు 24 ఫ్రేములు. ప్రీమియర్ ప్రాజెక్టు ఫైల్ ఉంది గానీ రషెస్ ఉన్న హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేసేశారు, తెరిస్తే అన్నీ ఎర్రగా "Media Offline" అని వస్తున్నాయి. మిగిలింది ఎక్స్‌పోర్ట్ చేసిన ఎమ్‌పీ4 ఒక్కటే. రెండోది పెళ్లి హైలైట్స్, 5 నిమిషాలు, 25 ఫ్రేములు. అదీ ఎమ్‌పీ4 మాత్రమే, సినిమా పాట అందులో కలిసిపోయి ఉంది. మూడోది కాలేజీ ఫెస్ట్ ప్రోమో, 3 నిమిషాలు, ఫోన్లతో తీసింది, 30 ఫ్రేములు, క్లిప్పులన్నీ ఉన్నాయి. నాలుగోది చేపల వేట మీద ఒక ఇంటర్వ్యూ, రెండు కెమెరాలు, 25 ఫ్రేములు. 38 నిమిషాల మాటల్ని 11 నిమిషాలకు తెచ్చాను. దాని ప్రాజెక్టు, రషెస్ అన్నీ భద్రంగా ఉన్నాయి.

వీటిలోంచి బాగున్న షాట్లు ఏరి 2 నిమిషాల 40 సెకన్ల రీల్ చేశాను. 71 షాట్లు, కింద ఒక సినిమా పాట. లింకు పెడుతున్నాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ ఇది నా పనిలా అనిపించట్లేదు. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా సర్?

---

కిరణ్_జగదాంబ · ఆదివారం రాత్రి 10:05

2:40 అంటే రీల్‌కి చాలా ఎక్కువ. నిలువుగా 9:16లో పెట్టండి, మొదటి 3 సెకన్లలో ఆకట్టుకునేది వేయండి. ట్రెండింగ్ ఆడియో పెడితే రీచ్ వస్తుంది. రాత్రి 7 తర్వాత పోస్ట్ చేయండి.

---

లావణ్య_గాజువాక · ఆదివారం రాత్రి 10:12

కిరణ్ గారూ, ఇది ఇన్‌స్టాగ్రామ్ రీల్ కాదండీ, ఉద్యోగం కోసం పంపే షోరీల్. ఇద్దరో ముగ్గురో చూస్తారంతే.

---

గోపి_ఎడిట్స్ · ఆదివారం రాత్రి 11:20

మొదటి పది సెకన్లలోనే నీ బెస్ట్ పడాలి, తర్వాత చూస్తారో లేదో గ్యారంటీ లేదు. బీచ్ రోడ్ డ్రోన్ షాట్‌తో మొదలుపెట్టు, వైజాగ్ అంటే అదే కదా. ఎమ్‌పీ4లకి ప్రీమియర్‌లో Scene Edit Detection కొడితే ముక్కలుగా విడిపోతాయి, నీకు నచ్చిన వరుసలో పేర్చుకో. ఫ్రేమ్ రేట్లు రకరకాలుగా ఉన్నాయి కాబట్టి 60 ఫ్రేముల టైమ్‌లైన్ తీసుకో, అన్నీ అందులో సరిపోతాయి. పాట గురించి భయపడకు, అన్‌లిస్టెడ్‌లో పెడితే ఎవరూ పట్టించుకోరు.

---

భాస్కర్ · సోమవారం ఉదయం 7:15

లావణ్యా, రీల్ రెండుసార్లు చూశానమ్మా. నీ అనుమానం సరైనదే. అందులో కనిపిస్తున్నది కెమెరామన్ పని. 71 షాట్లలో ఏ రెండింటికీ మధ్య నువ్వు అసలు ప్రాజెక్టులో వేసిన కట్ లేదు. షాట్లను విడివిడిగా ఏరి పాట మీద పరిచేశావు, దాంతో నువ్వు ఎడిటర్‌గా తీసుకున్న నిర్ణయాలన్నీ పోయాయి. నువ్వు ఏరాల్సింది షాట్లు కాదు, కట్లు. ఒకదాని వెనుక ఒకటి వచ్చే కట్ల వరుసను దాని సొంత సౌండ్‌తో సహా యథాతథంగా ఎత్తి పెట్టాలి.

షార్ట్ ఫిల్మే తీసుకుందాం. అందులోంచి నువ్వు వాడింది సూర్యాస్తమయం షాట్, రెండు సెకన్లు. నీ ఫిల్మ్‌లో 6:12 నుంచి 6:34 వరకు మళ్లీ చూడు. ఒడ్డున బల్ల మీద తండ్రీ కూతుళ్లు. తండ్రి "ఎప్పుడు వెళ్తున్నావ్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పూర్తవడానికి 9 ఫ్రేముల ముందే నువ్వు కూతురి ముఖానికి కట్ చేశావు. "వెళ్తున్నావ్" అన్న మాట ఆమె ముఖం మీద వినపడుతుంది. ఆమె జవాబు చెప్పదు. అక్కడ రెండు సెకన్లకు పైగా ఆగావు. తర్వాత ఆమె చేతిలోని ఫోన్‌కి, మళ్లీ తండ్రికి. ఈలోగా ఆయన సముద్రం వైపు తిరిగిపోయి ఉంటాడు. మూడే కట్లు. వెనకాల అలల చప్పుడు ఎక్కడా తెగకుండా ఒకటే వరుసగా నడుస్తోంది. షూటింగ్‌లో ప్రతి టేకుకీ అల వేరుగా ఉంటుంది, ఆ చప్పుడు వేరే ట్రాక్‌గా పరిస్తే తప్ప ఇలా రాదు. మనిషిని పనిలోకి తీసుకునేవాళ్లు చూసేది ఇదే. ఆ 22 సెకన్లు ముందు పెట్టు.

గోపి, మొదటి పది సెకన్ల సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ ఎడిటర్‌కి బెస్ట్ డ్రోన్ షాట్ కాదు, అది ఎగరేసినవాడి పని. పైగా మన ఊళ్లో నేవీ ప్రాంతాలు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల చాలా భాగం రెడ్ జోన్. 2021 డ్రోన్ నియమాల ప్రకారం అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. అనుమతి కాగితం చేతిలో లేని షాట్‌ని రీల్‌లో పెట్టి ఉద్యోగానికి పంపడం మంచిది కాదు.

కట్ల వరుసను యథాతథంగా ఎత్తితే Scene Edit Detection అవసరమే పడదు. ఇన్, ఔట్ పెట్టి 22 సెకన్లు తీసుకోవడమే. రెండు జాగ్రత్తలున్నాయి. ఇన్ పాయింట్ తండ్రి మాట దగ్గర పెట్టకు, ఆయన ఊపిరి తీసుకునే చోట పెట్టు, మాటకి పది పన్నెండు ఫ్రేముల ముందు. అలల చప్పుడు ఒక్కసారిగా మొదలైతే టప్‌మని కొడుతుంది కాబట్టి ఆడియోకి 6 నుంచి 8 ఫ్రేముల ఫేడ్ ఇవ్వు. చివర తండ్రి షాట్ మీద ఒక సెకను ఆగు, వెంటనే సంగీతంలోకి దూకకు.

ఇంకొకటి చూసుకో. ఆ ఎమ్‌పీ4 అసలు ఎక్స్‌పోర్టేనా, ఎవరో వాట్సాప్‌లో పంపిన కాపీయా? సైజు చూస్తే తెలుస్తుంది. 14 నిమిషాల ఫైల్ 1 జీబీ దగ్గర ఉంటే సెకనుకు సుమారు 10 మెగాబిట్లు, రీల్‌కి చాలు. 150 ఎంబీ ఉంటే ఒకటిన్నర మెగాబిట్ కూడా లేనట్టే. సాయంత్రపు ఆకాశం గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. అలాగైతే డైరెక్టర్ దగ్గరో, ఫెస్టివల్‌కి పంపిన డ్రైవ్‌లోనో అసలు ఫైల్ ఉందేమో వెతుకు.

---

లావణ్య_గాజువాక · సోమవారం ఉదయం 8:30

సర్, ఫైల్ 1.1 జీబీ ఉంది. ఆ 9 ఫ్రేముల కట్ కోసం ఒక సాయంత్రమంతా కూర్చున్నాను, రీల్ చేసేటప్పుడు మాత్రం అది గుర్తే రాలేదు.

పెళ్లి వీడియో సంగతే తేలట్లేదు. పాట తీసేసి లైబ్రరీలోంచి వేరే మ్యూజిక్ వేశాను. కట్లన్నీ ఏదో తప్పినట్టున్నాయి. అసలు వీడియోలో అవే కట్లు బాగానే ఉన్నాయి.

---

శ్రావణి_సౌండ్ · సోమవారం ఉదయం 10:45

లావణ్యా, పాత పాట టెంపో ఎంత, కొత్తదాని టెంపో ఎంత?

---

లావణ్య_గాజువాక · సోమవారం ఉదయం 11:02

పాతది 100 అక్కా. కొత్తది 120.

---

శ్రావణి_సౌండ్ · సోమవారం ఉదయం 11:30

అదే కారణం. నిమిషానికి 100 బీట్లంటే ఒక్కో బీట్‌కి 0.6 సెకను, 25 ఫ్రేముల్లో సరిగ్గా 15 ఫ్రేములు. నీ కట్లు 15, 30, 60 ఫ్రేముల దూరంలో ఉంటాయి చూసుకో. 120కి మారితే బీట్ పన్నెండున్నర ఫ్రేములు అవుతుంది. పాత పాటలో నాలుగు బీట్లు గడిచేసరికి 60 ఫ్రేములు, కొత్తదాంట్లో 50కే అయిపోతాయి. మొదటి కట్ కలుస్తుంది, అక్కడి నుంచి ఒక్కొక్కటీ జారుతూ పోతుంది. మళ్లీ ఎక్కడో అనుకోకుండా కలుస్తుంది, అప్పుడు ఇంకా వింతగా ఉంటుంది.

కట్లను జరపకు, అవి నీ పని. అదే టెంపో ఉన్న మ్యూజిక్ వెతుకు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోది వాడుకోవచ్చు. టెంపో రాసి లేకపోతే 15 సెకన్లలో బీట్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. ఒకటి రెండు బీట్ల తేడా ఉంటే మ్యూజిక్‌నే కొద్దిగా సాగదీయొచ్చు, 3, 4 శాతం వరకు ఎవరికీ తెలియదు. 120ని 100కి లాగితే మాత్రం తాళాల మోత నలిగినట్టు వినిపిస్తుంది.

గోపి గారు చెప్పిన అన్‌లిస్టెడ్ మాట సరికాదు. అన్‌లిస్టెడ్ వీడియోలను కూడా యూట్యూబ్ కంటెంట్ ఐడీ చూస్తుంది. సినిమా పాట దొరికితే పాట హక్కుదారుడు పెట్టుకున్న నియమాన్ని బట్టి ప్రకటన రావచ్చు, వీడియో ఆగిపోనూవచ్చు. వాళ్లు లింకు నొక్కిన రోజే అలా జరిగితే చెప్పుకోవడానికి నువ్వు అక్కడ ఉండవు.

---

గోపి_ఎడిట్స్ · సోమవారం మధ్యాహ్నం 1:10

పాట విషయం ఒప్పుకుంటున్నాను. 60 ఫ్రేముల టైమ్‌లైన్‌లో తప్పేంటో చెప్పండి భాస్కర్ అన్నా. 30 రెండింతలవుతుంది, శుభ్రంగా ఉంటుంది.

---

భాస్కర్ · సోమవారం రాత్రి 8:50

30కి శుభ్రమే గోపి. 24 అందులో సమంగా పడదు. ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు నిలబడుతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్‌లో ఆ కుదుపు కంటికి తెలుస్తుంది. 25 ఇంకా ఇబ్బంది. ఈ రీల్‌లో ముఖ్యమైనది షార్ట్ ఫిల్మ్ సీను, దాన్ని ముట్టుకోకూడదు. అందుకే 24 టైమ్‌లైన్ తీసుకుని మిగతావే దానికి సర్దుకోవాలి. అన్నీ ఒకేలా సర్దకూడదు కూడా.

పెళ్లి క్లిప్పుకి సొంత సౌండ్ అక్కర్లేదు కదా, దాన్ని Interpret Footage‌లో 24 అని చెప్పు. ఏ ఫ్రేమూ పోదు, 4 శాతం నెమ్మదిస్తుంది, అది ఎవరికీ కనపడదు. కానీ శ్రావణి లెక్క ఇక్కడ మారుతుంది. 15 ఫ్రేములు 24లో 0.625 సెకను, అంటే 96 బీట్లు. కాబట్టి లావణ్యా, నువ్వు వెతకాల్సింది 100 కాదు, 96.

ఇంటర్వ్యూలో మాట ఉంది, దాన్ని నెమ్మదింపజేస్తే గొంతు బరువెక్కుతుంది. దాన్ని అలాగే వదిలేయి, సెకనుకు ఒక ఫ్రేము పోతుంది. కూర్చున్న మనిషి మాట్లాడే షాట్‌లో అది తెలియదు.

ఫెస్ట్ క్లిప్పులు ఫోన్‌వి కాబట్టి ముందు MediaInfoలో చూడు. Frame rate mode దగ్గర Variable అని ఉంటే నేరుగా టైమ్‌లైన్ మీద వేయకు. క్లిప్పు పొడవయ్యేకొద్దీ డప్పు చప్పుడు ఒక చోట, చెయ్యి ఒక చోట పడుతుంది. ఇలా స్థిరంగా మార్చుకుని వాడు:

```
ffmpeg -i fest01.mp4 -vf fps=30 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le fest01_cfr.mov
```

మార్చాక 30ని 24గా Interpret చేస్తే 80 శాతం వేగంతో నడుస్తుంది. గెంతులు, రంగులు చల్లుకోవడం లాంటివాటికి బాగుంటుంది. నడకకి బాగుండదు, నీళ్లలో నడిచినట్టుంటుంది.

---

వెంకట్_అనకాపల్లి · మంగళవారం ఉదయం 6:55

మా స్టూడియోలో 2012, 13 నాటి పెళ్లి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి ఉన్నాయండీ. ముహూర్తం షాట్లో చెయ్యి కదిలితే దువ్వెన పళ్లలాగా గీతలు వస్తున్నాయి. ఈ Interpret చేస్తే పోతాయా?

---

భాస్కర్ · మంగళవారం ఉదయం 7:20

పోవు వెంకట్ గారూ, అది వేరే సమస్య. మీది ఇంటర్‌లేస్డ్. ఒక్కో ఫ్రేములో రెండు క్షణాలు సరిబేసి గీతలుగా అల్లుకుని ఉంటాయి. ముందు వాటిని విడదీయాలి:

```
ffmpeg -i pelli.avi -vf yadif=1 -c:v libx264 -crf 16 -c:a aac pelli_50p.mp4
```

25 ఫ్రేములది 50 అయి వస్తుంది, కదలిక నునుపుగా ఉంటుంది. ఫ్రేము సైజు మార్చాలనుకుంటే ఇది అయ్యాకే మార్చండి. సైజు ముందే మారిస్తే ఆ గీతలు బొమ్మలో కలిసిపోయి ఇక తీయలేరు.

---

పద్మజ_పోస్ట్ · మంగళవారం మధ్యాహ్నం 2:15

రీళ్లు చూసి మనుషుల్ని ఎంచుకునే పని నాది, అందుకని ఒక మాట. అసిస్టెంట్ పనికైతే నాకు పెళ్లి ముక్క అక్కర్లేదు. భాస్కర్ గారు చెప్పిన సీను తర్వాత నేను చూడాలనుకునేది ఆ ఇంటర్వ్యూ. మా ఆఫీసులో రోజూ ఉండే పని అదే: గంట మాట్లాడినవాళ్ల మాటను అర్థం చెడకుండా కుదించడం.

కానీ 18 సెకన్ల ఇంటర్వ్యూ ముక్క చూస్తే నాకేం తెలుస్తుంది? అది ఎంతలోంచి వచ్చిందో తెలియాలి. లావణ్యా, ఒకే జవాబు తీసుకోండి. మూలంలో ఎంత ఉందో, ఎంతకి తెచ్చారో మూలన చిన్న అక్షరాల్లో వేయండి. మాట అతికిన చోట్లన్నీ వలల షాట్లతో కప్పేయకండి. ఒక్కచోటైనా కెమెరా మార్చి అతికింది కనపడనివ్వండి. అన్నీ కప్పితే మాట అతకడం వచ్చో రాదో నాకు తెలియదు.

---

గోపి_ఎడిట్స్ · మంగళవారం సాయంత్రం 5:30

మేడమ్, మన ఊళ్లో ఎడిటర్లకి దొరికే పని సగం పెళ్లిళ్లేగా. అది పూర్తిగా తీసేస్తే వేగంగా కట్ చేయడం వచ్చని ఎలా చూపిస్తారు?

---

పద్మజ_పోస్ట్ · మంగళవారం సాయంత్రం 6:10

ఫెస్ట్ ప్రోమో చూపిస్తుందిగా. పెళ్లి ఆఫీసుకి పంపేటప్పుడు పెళ్లి రీల్ పంపాలి, డాక్యుమెంటరీ ఆఫీసుకి వేరేది. అందరికీ ఒకే రీల్ అన్నది నాకు నచ్చదు.

---

భాస్కర్ · మంగళవారం రాత్రి 9:05

ఇక్కడ నేను పద్మజ గారితో పూర్తిగా ఏకీభవించను. పెళ్లిలో తాళి కట్టే క్షణం రెండోసారి దొరకదు. మూడు కెమెరాల్లో ఏది ఎప్పుడు అన్నది అక్కడే నేర్చుకుంటారు. పది సెకన్లు ఉంచితే నష్టం లేదని నా అభిప్రాయం. అయితే వధూవరుల అనుమతి లేకుండా వద్దు. స్టూడియో ఒప్పుకుంటే సరిపోదు, ముఖాలు వాళ్లవి. తెలుగులో రెండు లైన్లు రాసి మెసేజ్ పెట్టి, జవాబు దాచుకో.

---

లావణ్య_గాజువాక · శుక్రవారం రాత్రి 11:15

అందరికీ థాంక్స్. కొత్తది కట్టాను, 1 నిమిషం 24 సెకన్లు. పేరు 2 సెకన్లు, భీమిలి సీను 23, ఫెస్ట్ 19, ఇంటర్వ్యూ 26, పెళ్లి 10, చివర పేరు, ఫోన్ నంబరు 4. ఇంటర్వ్యూలో తుపాను రోజున పడవ తిప్పేసిన జవాబు తీసుకున్నాను, 2 నిమిషాల 10 సెకన్లది 26 సెకన్లకి వచ్చింది. పెళ్లివాళ్లకి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.

రెండు ఇబ్బందులున్నాయి. పెళ్లి ముక్క మొదట్లో ఏదో తళుక్కుమంటోంది, ఆపి చూస్తే కనపడట్లేదు. రెండోది, ఫెస్ట్ రాగానే సౌండ్ చెవులు పగిలేలా ఉంది.

---

భాస్కర్ · శనివారం ఉదయం 7:05

తళుక్కుమనేది ముందు షాట్ తాలూకు ఒక్క ఫ్రేము. ఎమ్‌పీ4లోంచి ఇన్ పెట్టినప్పుడు కట్‌కి ఒక ఫ్రేము ముందు పెట్టి ఉంటావు. ప్లే చేస్తే తెలుస్తుంది, ఆపితే ప్లేహెడ్ దాన్ని దాటిపోతుంది. క్లిప్పు మొదలుకి వెళ్లి బాణం గుర్తు మీటతో ఒక్కో ఫ్రేమూ జరుపు, దొరుకుతుంది. ఇన్‌ని ఒక ఫ్రేము ముందుకు నెట్టి, ఔట్ దగ్గర ఒక ఫ్రేము కలుపు, లేకపోతే బీట్ తప్పుతుంది. మిగతా ముక్కల మొదలూ చివరా కూడా ఇలాగే చూసుకో.

---

శ్రావణి_సౌండ్ · శనివారం ఉదయం 9:40

సౌండ్‌కి ముందు భీమిలి సీను మాటలు హాయిగా వినపడేలా స్పీకర్ పెట్టుకో, ఇక ఆ నాబ్ ముట్టుకోకు. ఫెస్ట్, పెళ్లి మ్యూజిక్‌ని దానికి తగ్గట్టు దించు. మాటలను మ్యూజిక్ స్థాయికి పెంచబోకు, అలల చప్పుడూ వాటితో పాటే లేస్తుంది. మొత్తం రీల్ సౌండ్ సగటున -14 LUFS దగ్గర ఉంటే చాలు. అంతకంటే గట్టిగా ఉంటే యూట్యూబ్ తనే తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే మాత్రం పెంచదు. చివరగా ఫోన్ స్పీకర్లో ఒకసారి విను. తండ్రి ప్రశ్న అందులో వినపడకపోతే అలల ట్రాక్‌ని 3 డీబీ దించమనేదాన్ని. కానీ ఆ ట్రాక్ నీ దగ్గర విడిగా లేదు కదా, అందుకని కింది స్థాయి గుడగుడను 100 హెర్ట్జ్ దగ్గర కోసి చూడు.

---

లావణ్య_గాజువాక · శనివారం రాత్రి 10:20

దొరికింది సర్, ఒక్క ఫ్రేమే, పూలదండ షాట్ తోక. సౌండ్ కూడా సర్దాను. 100 దగ్గర కోస్తే మాట బాగానే వినపడుతోంది అక్కా, అలలు మాత్రం కొంచెం పలచబడ్డాయి, మొత్తానికి 80 దగ్గర ఉంచాను.

పెళ్లివాళ్ల జవాబు ఇంకా రాలేదు. సోమవారం ఉదయం వరకు చూసి, రాకపోతే ఆ 10 సెకన్లు తీసేసి 1:14 రీల్ పంపుతాను. యూట్యూబ్‌లో తర్వాత ఫైల్ మారిస్తే లింకు మారిపోతుంది కాబట్టి రెండు వెర్షన్లూ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాను. ఇంటర్వ్యూ ఇచ్చిన తాతగారిని అడగడానికి మాత్రం రేపు ఉదయం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తున్నాను, ఆయనకి ఫోన్ లేదు.